ముక్క వాక్యం: ప్రకటనకు అందం, వ్యాసానికి లోపం

"కూలిన వంతెన." ఇది పత్రికలో ఒక శీర్షిక అనుకుందాం. దాని కింద వార్త ఇలా మొదలవుతుంది: "నిన్న రాత్రి కురిసిన భారీ వర్షానికి ఊరి చివరి వంతెన కూలింది." రెండు చోట్లా ఉన్నవి అవే మాటలు. వంతెన ఉంది, కూలడం ఉంది. అయినా రెండోది వాక్యం, మొదటిది కాదు. శీర్షికలోని "కూలిన" అనే మాట వంతెనకు విశేషణంగా మారిపోయింది. అది ఏ వంతెనో చెప్పగలదు గానీ, వంతెనకు ఏమైందో తేల్చి చెప్పలేదు. "కూలిన వంతెనను మళ్లీ కట్టారు" అనొచ్చు. "కూలిన వంతెన కింద ఎవరూ లేరు" అనొచ్చు. అంటే శీర్షిక దగ్గర వాక్యం ఇంకా మొదలవుతూనే ఉంది.

ఇలా మధ్యలో ఆగిపోయిన రాతను ఇంగ్లీషు వ్యాకరణంలో ఫ్రాగ్మెంట్ అంటారు. మనం ముక్క వాక్యం అనుకుందాం. హోర్డింగుల మీద, పచ్చడి సీసాల మీద, నగల దుకాణాల ప్రకటనల్లో ఇవి ఎన్నైనా కనిపిస్తాయి. అక్కడ వాటిని ఎవరూ తప్పుపట్టరు. అవే ముక్కల్ని డిగ్రీ విద్యార్థి జవాబుపత్రంలోనో, గ్రూప్-1 మెయిన్స్ జనరల్ ఎస్సే పేపర్లోనో రాస్తే దిద్దేవారు ఎర్రసిరాతో గీత గీస్తారు. ప్రకటనలకు వ్యాకరణం అక్కర్లేదు, వ్యాసాలకు కావాలి అని చాలామంది దీనికి సమాధానం చెబుతారు. ఆ సమాధానం సరికాదు. వ్యాకరణం రెండు చోట్లా ఒకటే. తేడా అంతా ఆగిపోయిన వాక్యాన్ని ఎవరు పూర్తి చేస్తారన్న దగ్గర ఉంది.

పొడవు చూసి చెప్పలేం

ముందుగా ముక్క వాక్యాన్ని గుర్తుపట్టడం తెలియాలి. పొట్టిగా ఉన్నది ముక్క, పొడుగ్గా ఉన్నది వాక్యం అనుకుంటే పొరపాటు. "వచ్చాడు." ఇది ఒక్క మాటే అయినా నిండైన వాక్యం. ఎవరో మగమనిషి, ఒక్కడే, వచ్చేశాడు అని ఆ క్రియ చివరి అక్షరాలే చెబుతున్నాయి. కర్తను విడిగా పెట్టకపోయినా లోటు లేదు.

ఇప్పుడు దీన్ని చూడండి. "మూడు రోజులుగా ఎడతెరిపి లేకుండా కురుస్తున్న వానలకు పట్టణంలోని లోతట్టు ప్రాంతాల్లో నడుముల్లోతు నీరు చేరి రాకపోకలు పూర్తిగా స్తంభించిపోవడంతో." ఇన్ని మాటలున్నా ఇది ముక్కే. స్తంభించిపోవడంతో ఏం జరిగింది? బడులకు సెలవిచ్చారా, పడవలు తెప్పించారా? చుక్క పెట్టేసరికి చదివేవాడు గాలిలో ఉండిపోయాడు.

క్రియ ఉంటే వాక్యం, లేకపోతే ముక్క అనే సూత్రం కూడా తెలుగులో పనికిరాదు. "ఆయన డాక్టరు." "మా ఊరు తెనాలి." వీటిలో క్రియే లేదు, అయినా లోపం లేదు. తెలుగులో ఇలాంటి క్రియలేని వాక్యాలు సహజం. చేకూరి రామారావు 1975లో వచ్చిన తన 'తెలుగు వాక్యం' పుస్తకంలో వీటిని కూడా వాక్యాలుగానే పరిశీలించారు. "కర్త, క్రియ ఉంటేనే వాక్యం" అని ఇంగ్లీషు పాఠంలో నేర్చుకున్న సూత్రాన్ని తెలుగుకు తెచ్చి తగిలిస్తే మంచి వాక్యాలు కూడా తప్పులుగా కనిపిస్తాయి.

మరి దేన్ని బట్టి తేల్చాలి? ఒక జత చూద్దాం. "ఈ ఊరి చెరువు పెద్దది." "ఈ ఊరి పెద్ద చెరువు." రెండింటిలోనూ నాలుగేసి మాటలే, దాదాపు అవే మాటలు. మొదటిది విన్నవాడు "నిజమా?" అని అడగగలడు. కావాలంటే "కాదు, చిన్నదే" అని వాదించగలడు. రెండోది విన్నవాడు "నిజమా?" అని అడగలేడు. "ఊ, పెద్ద చెరువు, అయితే?" అంటాడు. "అయితే?" అనే ప్రశ్న పుట్టిన చోట వాక్యం పూర్తి కాలేదని అర్థం.

రాసినదాన్ని విడిగా తీసి, పక్క వాక్యాలను చేత్తో మూసి, ఈ పరీక్ష పెట్టాలి. "పెరుగుతున్న ధరలు." నిజమా? అడగలేం. "ధరలు పెరుగుతున్నాయి." నిజమా? అడగగలం. "సమయానికి వానలు పడకపోవడం వల్ల." నిజమా? అడగలేం. "మా ఊరు తెనాలి." నిజమా? అడగగలం. ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. ప్రశ్నలకు, ఆజ్ఞలకు ఇది పనిచేయదు. "రండి", "ఎవరు వచ్చారు?" అనేవాటిని "నిజమా?" అని అడగం. కానీ అవి పూర్తి వాక్యాలే. పిలుపుకు రావడమో మానడమో, ప్రశ్నకు జవాబు ఇవ్వడమో కుదురుతుంది కాబట్టి వాటి పని అవి చేశాయి. అందుకే "నేడే కొనండి" అనే ప్రకటన ఎంత పొట్టిదైనా ముక్క వాక్యం కాదు.

తెలుగులో మూడు రకాల ముక్కలు

బడిలో సమాపక క్రియ, అసమాపక క్రియ అని చదువుకున్నాం. పనిని పూర్తి చేసి చెప్పేది సమాపక క్రియ. మరో పని కోసం ఎదురుచూసేది అసమాపక క్రియ. వచ్చి, వస్తూ, వస్తే, వచ్చినా అనేవన్నీ రెండో రకం. మొదటి రకం ముక్క వాక్యం వీటి దగ్గర పుడుతుంది. "పంటలు దెబ్బతిన్నాయి. సమయానికి వానలు పడకపోవడం వల్ల." మాట్లాడేటప్పుడు ముందు అసలు సంగతి చెప్పేసి, కారణం తర్వాత తగిలించడం మనకు అలవాటే. "వెళ్లిపోయాడు, చెప్పకుండానే" అంటాం. గొంతు ఆ రెండింటినీ కలిపేస్తుంది. రాతలో మధ్యన చుక్క పడితే ఆ కలయిక తెగిపోతుంది. దీని మరమ్మతు తేలిక. చుక్క తీసేసి కలిపేయాలి. "సమయానికి వానలు పడకపోవడం వల్ల పంటలు దెబ్బతిన్నాయి."

రెండో రకం, క్రియ విశేషణంగా మారి నామంతో ముగిసేది. "కూలిన వంతెన", "అడుగంటిన బోర్లు", "పెరుగుతున్న ధరలు". తెలుగు రాతల్లో బాగా ఎక్కువగా కనిపించేది ఇదే. శీర్షికల్లో, టీవీ తెర కింద పరుగెత్తే అక్షరాల్లో రోజంతా దీన్నే చదువుతాం. దీని మరమ్మతు కూడా కష్టం కాదు. మాటల్ని తిరగేయాలి. వంతెన కూలింది, బోర్లు అడుగంటాయి, ధరలు పెరుగుతున్నాయి. నామం ముందుకొచ్చి క్రియ చివరికి వెళ్లగానే ముక్క వాక్యమైపోతుంది.

మూడో రకం, క్రియ జాడే లేని నామాల గుంపు. "రైతుల కష్టాలు." "పాలకుల నిర్లక్ష్యం." "తరతరాల నమ్మకం." వీటిని కలపడానికీ, తిరగేయడానికీ లోపల ఏమీ లేదు. పాలకుల నిర్లక్ష్యం పెరిగిందా, తగ్గిందా, దేనికి కారణమైంది? రాసినవాడు కొత్తగా ఒక సంగతి చెప్తే తప్ప ఇది వాక్యం కాదు. వ్యాసాల్లో అన్నిటికన్నా ఇబ్బంది పెట్టే ముక్కలు ఇవే. ఎందుకో కాసేపట్లో చూద్దాం.

"తలుపు!" అంటే ఏమిటి?

ముక్క మాటతో పూర్తి అర్థం ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మన దేశంలో ఏనాటిదో. వాక్యానికి మూడు గుణాలుండాలని మన శాస్త్రకారులు చెప్పారు. ఒక మాట వినగానే మిగతాది ఏమిటన్న ఎదురుచూపు పుట్టి, అది తీరడం ఆకాంక్ష. మాటల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం యోగ్యత. నిప్పుతో తడిపాడు అంటే యోగ్యత లేదు. మాటలు దగ్గరదగ్గరగా రావడం సన్నిధి. వీటిలో మన విషయానికి కావలసింది ఆకాంక్ష. ముక్క వాక్యమంటే ఆకాంక్షను రేపి, తీర్చకుండా వదిలేసిన రాత.

ఈ చర్చలో మీమాంసకులు ఎత్తుకున్న ఉదాహరణ తలుపు. ఒకడు "ద్వారం" అని మాత్రమే అంటాడు. విన్నవాడు లేచి తలుపు వేస్తాడు. "వెయ్యి" అనే మాట ఎవరూ అనలేదు, మరి ఎక్కడి నుంచి వచ్చింది? విన్నవాడు లోపించిన మాటనే మనసులోకి తెచ్చుకుంటాడని కుమారిల భట్టు సంప్రదాయం వారు అన్నారు. మాట అక్కర్లేదు, అర్థం తెచ్చుకుంటే చాలని ప్రభాకరుడి సంప్రదాయం వారు అన్నారు. ఇలా బయటి నుంచి తెచ్చి పూరించుకోవడాన్ని అధ్యాహారం అంటారు. మాటా, అర్థమా అన్నది వారి వాదం. ఏదో ఒకటి బయటి నుంచి రావాల్సిందేనన్న దాంట్లో మాత్రం రెండు పక్షాలకూ పేచీ లేదు.

దీన్ని మన ఇంట్లోకి తెచ్చుకుందాం. వానజల్లు లోపలికి కొడుతుంటే అమ్మ "తలుపు!" అంటుంది. అంటే వెయ్యమని. బయట ఎవరో తలుపు తడుతుంటే అదే అమ్మ అదే గొంతుతో "తలుపు!" అంటుంది. అంటే తియ్యమని. మాట ఒకటే. మొదటిసారి దాన్ని పూర్తి చేసింది వాన, రెండోసారి తలుపు తట్టిన చప్పుడు. ఇప్పుడు తెల్లకాగితం మీద "తలుపు." అని ఒక్క మాట రాసి ఇవ్వండి. చదివినవాడు వెయ్యాలా, తియ్యాలా? వానా లేదు, చప్పుడూ లేదు. కాగితం మీద అక్షరాలు తప్ప అతనికి ఇంకేమీ అందలేదు.

ప్రకటనకూ వ్యాసానికీ ఉన్న తేడా సరిగ్గా ఇదే. ప్రకటనలో వానా చప్పుడూ పక్కనే ఉంటాయి. వ్యాసంలో వాటిని కూడా మాటలతోనే తేవాలి.

ప్రకటన ముక్కను ఏది పూర్తి చేస్తుంది?

ఒక ఆవకాయ ప్రకటన ఇలా ఉందనుకోండి. పెద్ద జాడీ బొమ్మ, పక్కన వేడన్నం కంచం, కింద ధర, దుకాణం పేరు. మధ్యలో ఈ అక్షరాలు: "కోతకొచ్చిన కాయ. కొట్టించిన కారం. గానుగ నూనె. అమ్మ చేతి రుచి." నాలుగూ ముక్కలే. ఒక్కదాన్నీ "నిజమా?" అని అడగలేం. అయినా చదివినవారెవరూ తికమకపడరు. ఎందుకంటే నాలుగింటికీ కర్త బొమ్మలోనే ఉంది. ఈ జాడీలోని పచ్చడికి వాడినది కోతకొచ్చిన కాయ, ఇందులో పోసినది గానుగ నూనె అని కళ్లు పూరించుకుంటాయి. పూరించుకోవడానికి దారి కూడా ఒక్కటే. గానుగ నూనె వేరే దుకాణంలో దొరుకుతుందనో, గానుగ నూనె మానేశామనో ఎవరూ చదువుకోరు. చివర ఏం చేయాలో ధర, చిరునామా చెబుతాయి.

ఆ బొమ్మా, ధరా, దుకాణం పేరూ చెరిపేసి చూడండి. అవే నాలుగు ముక్కలు మిగులుతాయి, అర్థం మాత్రం పోతుంది. వంటల పుస్తకంలోని దినుసుల పట్టికా, కథకు మొదలా, అమ్మ గురించిన జ్ఞాపకమా అని తెలియదు. ముక్కలకు బలం ఇచ్చింది చుట్టూ ఉన్న సరంజామా అన్నమాట.

ప్రకటనల చరిత్రలో ప్రసిద్ధమైన ముక్క ఒకటుంది. 1960లో అమెరికాలో ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు కోసం న్యూయార్క్‌లోని డాయిల్ డేన్ బెర్న్‌బాక్ సంస్థ చేసిన ప్రకటన అది. పేజీలో నిగనిగలాడే కారు ఫొటో. దాని కింద శీర్షికగా ఒకే మాట: లెమన్. కొన్న దగ్గర నుంచీ ఏదో ఒక లోపంతో సతాయించే కారును అమెరికన్లు ఆ మాటతో పిలుస్తారు. అమ్మేవాడు తన కారును తానే పనికిరానిదని ఎందుకంటున్నాడు? పాఠకుడి ఆకాంక్ష పెరిగిపోతుంది. కింద చిన్న అక్షరాల్లో జవాబు ఉంది. ఈ కారు డ్యాష్‌బోర్డులోని అరకున్న క్రోమ్ పట్టీ మీద మచ్చ పడిందని, తనిఖీదారు అది చూసి కారును ఆపేశాడని, కార్లను తనిఖీ చేయడమే పనిగా తమ వోల్ఫ్స్‌బర్గ్ కర్మాగారంలో 3,389 మంది ఉన్నారని అందులో రాశారు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. శీర్షికలో ఒకే మాట పెట్టినవారు, నమ్మించాల్సిన సమాచారం దగ్గరికి వచ్చేసరికి పూర్తి వాక్యాలే రాశారు. ఎంతమంది, ఎక్కడ, ఏం చేస్తున్నారు అని తేల్చి చెప్పారు. కన్ను ఆపడానికి ముక్క, నమ్మకం కలిగించడానికి వాక్యం. అనుభవమున్న ప్రకటన రచయితలకు ఈ విభజన బాగా తెలుసు.

ఈ విభజనను దురుద్దేశంతో వాడుకునేవారూ ఉన్నారు. "ఈ పొడి తాగితే కీళ్లనొప్పులు తగ్గుతాయి" అని రాస్తే అది వాక్యం, నిజమా అని అడగొచ్చు, రుజువు చూపమనొచ్చు. "నొప్పుల్లేని జీవితం. హాయైన నిద్ర." అని రాస్తే ఎవరి జీవితం, దేనివల్ల అని ఎక్కడా అనలేదు. కొనేవాడు మాత్రం పొడి వల్లే అని పూరించుకుంటాడు. చెప్పకుండానే చెప్పినట్టయింది. అందుకే ప్రకటనల మీద ఫిర్యాదులు విచారించే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళి నేరుగా చెప్పినదాన్నే కాకుండా, ధ్వనింపజేయడం ద్వారా తప్పుదారి పట్టించడాన్ని కూడా తప్పుగానే చూస్తుంది. ముక్క వాక్యం దగ్గర ఆగి "ఇందులో చెప్పకుండా నాతో పూరింపజేస్తున్నది ఏమిటి?" అని అడుక్కోవడం కొనుగోలుదారుకు మేలు.

వ్యాసంలో అవే ముక్కలు

ఇప్పుడు భూగర్భ జలాల మీద ఒక విద్యార్థి రాసే పేరా ఎలా ఉంటుందో నమూనాగా చూద్దాం.

"రైతుల కష్టాలు. అప్పుల భారం. అడుగంటిన బోర్లు. ఒకప్పుడు బావిలో చేతికందిన నీరు. ఇప్పుడు ఎన్ని వందల అడుగులు తవ్వినా. పాలకుల నిర్లక్ష్యం. ఎండిన పంటలు, ఎండిన గుండెలు."

పైకి చదివితే ఆవేశంగా ఉంది. రేడియోలో మంచి గొంతుతో చదివితే వినబుద్ధవుతుంది. కానీ ఇందులో ఒక్క వాక్యం కూడా లేదు. "నిజమా?" అని అడగడానికి ఒక్క చోటు దొరకదు. ఎవరూ కాదనలేనట్టు రాశాడంటే ఏమీ చెప్పలేదన్నమాట. వ్యాసం పని తేల్చి చెప్పి, దానికి కారణం చూపడం. తేల్చే పని తెలుగులో ఎక్కువగా సమాపక క్రియది. జరిగిందా జరుగుతోందా, జరగలేదా, ఎవరు చేశారు అనేవి దాని చివర్లోనే తెలుస్తాయి. దాన్ని వదిలేస్తే ఇవన్నీ వదిలేసినట్టే.

ఒక్కొక్క ముక్కనూ బాగుచేస్తూ వెళ్దాం. "అడుగంటిన బోర్లు." తిరగేస్తే "బోర్లు అడుగంటాయి" అవుతుంది. అనగానే ఎక్కడ, ఎప్పటి నుంచి అనే ప్రశ్నలు లేస్తాయి. విద్యార్థి తన మండలం గురించి రాస్తున్నాడనుకుంటే "మా మండలంలో మార్చి వచ్చేసరికే సగం బోర్లు అడుగంటుతున్నాయి" అని రాయాలి. సగమేనా అని సరిచూసుకోవాలి. ముక్క రాసినప్పుడు ఆ అవసరమే రాలేదు.

"ఒకప్పుడు బావిలో చేతికందిన నీరు. ఇప్పుడు ఎన్ని వందల అడుగులు తవ్వినా." మొదటిది విశేషణం దగ్గర ఆగింది, రెండోది "తవ్వినా" అనే అసమాపక క్రియ దగ్గర ఆగింది. రెండూ కలిపితే ఒకే వాక్యం వస్తుంది. "ఒకప్పుడు బావిలో చేతికందిన నీరు ఇప్పుడు వందల అడుగులు తవ్వినా దొరకడం లేదు." ఇది కలపడంతో సరిపోయింది. "దొరకడం లేదు" అని ఒక్క క్రియ చేరగానే రెండు ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"పాలకుల నిర్లక్ష్యం." అసలు చిక్కు ఇక్కడ. ఏ నిర్లక్ష్యం? దీన్ని వాక్యం చేయాలంటే ఏదైనా తెలిసి ఉండాలి. బోరు తవ్వే ముందు అనుమతి తీసుకోవాలని 2002లో వచ్చిన వాల్టా చట్టం చెబుతోంది. ఇది తెలిసిన విద్యార్థి ఇలా రాయగలడు: "బోరు తవ్వడానికి అనుమతి కావాలని వాల్టా చట్టం చెబుతున్నా, మా మండలంలో ఎవరూ అడగడం లేదు, అధికారులూ ఆపడం లేదు." ఇప్పుడు దీంతో వాదించవచ్చు. అధికారి వచ్చి "ఆపాం, ఇదిగో లెక్క" అనవచ్చు. వ్యాసం అలా ఉండాలి. తెలియనివాడికి ఆ ముక్కను బాగుచేయడం చేతకాదు. చదువుకోవాలి, లేదా కొట్టేయాలి. మూడో రకం ముక్కలు వ్యాసాలను ఎక్కువ ఇబ్బంది పెడతాయని అన్నది అందుకే. అవి తరచుగా తెలియనితనానికి మూతలు.

"ఎండిన పంటలు, ఎండిన గుండెలు." దీన్ని తిరగేసి "పంటలు ఎండాయి" అని చేయవచ్చు. గుండెలు ఎండాయనడం వల్ల పాఠకుడికి కొత్తగా తెలిసేది లేదు. రెండో సగాన్ని తీసేయడమే మంచిది. పేరా మొత్తం ఇలా తేలుతుంది:

"ఒకప్పుడు మా మండలంలో బావిలో చేతికందిన నీరు ఇప్పుడు వందల అడుగులు తవ్వినా దొరకడం లేదు. మార్చి వచ్చేసరికే సగం బోర్లు అడుగంటుతున్నాయి. ఒక బోరు ఎండితే రైతు అప్పు చేసి ఇంకొకటి వేస్తున్నాడు, అది కూడా పక్కవాడి బోరులోని నీటినే లాగుతోంది. బోరు తవ్వడానికి అనుమతి కావాలని వాల్టా చట్టం చెబుతున్నా ఎవరూ అడగడం లేదు, అధికారులూ ఆపడం లేదు."

"అప్పుల భారం" అనే ముక్క ఎక్కడికి వెళ్లిందో చూడండి. అప్పు ఎందుకు చేస్తున్నాడో చెప్పే వాక్యంలో కలిసిపోయింది. ముక్కలుగా ఉన్నప్పుడు కష్టాలు, అప్పులు, బోర్లు విడివిడిగా పడి ఉన్నాయి. వాక్యాలు అయ్యాక ఒకదానికొకటి కారణమయ్యాయి. ముక్కల పేరాలో లేనిదీ, వాక్యాల పేరాలో వచ్చినదీ ఆ కారణమే.

వ్యాసంలో ముక్కకు అసలు చోటే లేదా?

ఉంది. శీర్షిక, ఉపశీర్షిక, పట్టిక, పాత్రల సంభాషణ. వీటిలో ముక్కలు సహజం. వ్యాసం నడుమ కూడా చేయితిరిగిన రచయితలు అప్పుడప్పుడూ ఒక ముక్క పెడతారు. "ఈ చట్టం ఎంతమందికి తెలుసు? మండలాఫీసు గుమాస్తాకు." రెండోది ముక్కే. కానీ ముందున్న ప్రశ్నే దాన్ని పూర్తి చేసింది. "ఈ చట్టం మండలాఫీసు గుమాస్తాకు తెలుసు" అని తప్ప ఇంకోలా చదవడం కుదరదు. ప్రకటనలో బొమ్మ చేసిన పని ఇక్కడ ముందు వాక్యం చేసింది.

కాబట్టి వ్యాసంలో ముక్కను ఉంచాలా, దిద్దాలా అని తేల్చుకోవడానికి రెండు ప్రశ్నలు చాలు. దీన్ని పూర్తి చేసే మాటలు ఈ పేజీ మీదే, దగ్గర్లోనే ఉన్నాయా? పూర్తి చేయడానికి ఒకే దారి ఉందా? రెండింటికీ అవునంటే ఉంచుకోవచ్చు. ఏ ఒక్కదానికి కాదన్నా దిద్దాలి. పరీక్ష జవాబుల్లో అయితే రెండింటికీ అవునన్నా దిద్దడమే క్షేమం. దిద్దేవారికి అది కావాలని రాసిందో, పొరపాటున రాసిందో తెలిసే దారి ఉండదు.

ఇంగ్లీషులో వ్యాసాలు రాసే మన పిల్లలు ఇంకో జాగ్రత్త తీసుకోవాలి. తెలుగులో "ఎందుకంటే వాన పడింది" అని విడిగా రాసినా అది వాక్యమే, చివర సమాపక క్రియ ఉంది. ఇంగ్లీషులో "బికాజ్"తో మొదలుపెట్టి ఆ కారణం దగ్గరే చుక్క పెడితే అది ముక్క అవుతుంది, దానికి అసలు వాక్యం తగలాలి. అటు "ఆయన డాక్టరు" అన్న తెలుగు వాక్యాన్ని మాటకు మాట ఇంగ్లీషులో పెడితే క్రియ లేక తప్పు అవుతుంది. ఏ భాషలో రాస్తున్నారో ఆ భాష చెవితోనే వినాలి. తెలుగు చెవికి నిండుగా వినిపించిందని ఇంగ్లీషులో వదిలేయకూడదు, ఇంగ్లీషు సూత్రం చూసి తెలుగు వాక్యాన్ని పాడుచేసుకోకూడదు.

వ్యాసం రాయడం అయ్యాక ఒక్కసారి వెనక నుంచి ముందుకు, చివరి వాక్యంతో మొదలుపెట్టి చదవండి. అలా చదివితే ముందు వాక్యం ఆసరా దొరకదు కాబట్టి ముక్కలు తమంతట తామే బయటపడతాయి. ప్రతి చుక్క దగ్గరా "నిజమా?" అని అడగండి. అడగలేకపోయిన చోట కలపండి, తిరగేయండి, లేదా తెలుసుకుని రాయండి. ఈ మూడూ కుదరకపోతే ఆ ముక్కను కొట్టేయండి. మీ వ్యాసానికి దానివల్ల నష్టమేమీ ఉండదు.